పీచుకు నలభై రోజులు, మరుగుదొడ్డికి ఐదు నిమిషాలు

మొలల నుంచి రక్తం పడుతున్న యాభై మందితో స్పెయిన్ వైద్యులు చేసిన ఒక చిన్న పరీక్ష ఫలితం 1996లో అచ్చయింది. ఒక గుంపుకు రోజూ 11.6 గ్రాముల ఇసబ్‌గోల్ ఇచ్చారు. రెండో గుంపుకు మందులా కనిపించేదే కానీ పీచు లేనిది ఇచ్చారు. నలభై రోజులపాటు ఎవరికి ఎన్నిసార్లు రక్తం పడిందో లెక్కపెట్టారు.

మొదటి పదిహేను రోజుల్లో ఇసబ్‌గోల్ తీసుకున్నవారికి సగటున 4.8 సార్లు, తీసుకోనివారికి 6.4 సార్లు రక్తం పడింది. ఈ మాత్రం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు కాబట్టి గణాంకాల ప్రకారం ఇది తేడా కిందికి రాదు. తరువాతి పదిహేను రోజుల్లో ఒకవైపు 3.1, మరోవైపు 5.5. చివరి పది రోజుల్లో 1.1, 5.5. అంటే పీచు తీసుకోనివారి పరిస్థితి ఏమాత్రం మెరుగుపడలేదు. తీసుకున్నవారికి రక్తం దాదాపు ఆగిపోయింది. కాకపోతే అది ఆగింది నెల దాటాకే.

మొలల విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డాక్టరు పీచు తినమంటాడు. వారం తింటారు, పది రోజులు తింటారు. మళ్లీ ఒకరోజు ఎర్రగా కనబడుతుంది. ‘ఇది మనకు పనిచేయదు’ అనుకుని మానేసి, ‘ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో నయం’ అని బోర్డు పెట్టినవాడి దగ్గరికి వెళతారు. పై లెక్క ప్రకారం పదో రోజున ఇంకా ఏమీ తేలదు. పీచు పని మొదలుపెట్టింది, ఫలితం కళ్లకు కనబడే వేళ రాలేదు, అంతే.

ఇది ఒక్క పరీక్షను పట్టుకుని చెబుతున్న మాట కాదు. 378 మంది రోగులతో జరిగిన ఏడు పరీక్షలను కలిపి 2005లో కాక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది. పీచు తీసుకున్నవారిలో బాధలు తగ్గకుండా మిగిలిపోయే అవకాశం 47 శాతం, రక్తం పడే అవకాశం 50 శాతం తగ్గాయని అది తేల్చింది. కిరాణా కొట్లో దొరికే సరుకుతో సగానికి సగం తగ్గడమంటే మాటలు కాదు. జారి బయటికొచ్చిన మొలల మీద మాత్రం పీచు ప్రభావం అంతగా కనబడలేదు. స్పెయిన్ పరీక్షలోనూ రక్తం తగ్గింది గానీ మొల జారడం తగ్గలేదు. ఈ హద్దు గుర్తుంచుకుని ముందుకు వెళదాం.

అసలు మొలలు ఎక్కడినుంచో వచ్చిపడే గడ్డలు కావు. మలద్వారం లోపల మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న దారిలో మెత్తలు మూడు ఉంటాయి. పుట్టిన ప్రతి మనిషికీ ఉంటాయి. రక్తనాళాలు, కొద్దిపాటి కండరపు పోగులు, వాటిని గోడకు పట్టి ఉంచే కణజాలం కలిస్తే ఒక మెత్త. కుళాయిలో వాషరు చేసే పనే ఇవీ చేస్తాయి. గాలి, నీళ్లు కారిపోకుండా దారిని బిగుతుగా మూసి ఉంచడంలో ఆరో వంతు దాకా పని వీటిదే. ఈ మెత్తలు ఉబ్బి, పట్టు వదులై కిందికి జరిగినప్పుడే వాటిని మొలలంటాం. ఆస్ట్రియాలో పెద్దపేగు పరీక్షకు వచ్చిన 976 మందిని చూస్తే దాదాపు 39 శాతం మందికి మొలలు కనిపించాయి. వాళ్లలో సగానికి పైగా మందికి ఏ బాధా లేదు. కాబట్టి రిపోర్టులో ‘పైల్స్’ అని కనబడినంత మాత్రాన వైద్యం అక్కర్లేదు. ఉన్న మెత్తలు రేగకుండా చూసుకుంటే చాలు.

మరి అవి రేగేది ఎప్పుడు? ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగి, మెత్తల్లోని రక్తం వెనక్కి పోయే దారి మూసుకుంటుంది. రక్తం నిండి అవి ఉబ్బుతాయి. అదే సమయంలో గట్టి మలం వాటిని ఒరుసుకుంటూ కిందికి లాగుతుంది. పలచని పొర చిట్లితే రక్తం వస్తుంది. ఆ మెత్తల్లోకి ధమనుల రక్తం నేరుగా చేరుతుంది కనుక అది నల్లగా కాక నిగనిగలాడే ఎరుపులో ఉంటుంది. చిట్లే చోటు చాలావరకు లోపల, నొప్పి తెలియని భాగంలో ఉంటుంది కాబట్టి నొప్పి ఉండదు. విరేచనం అయ్యేటప్పుడు కోసినట్టు నొప్పి పుడితే అది మొల కాకపోవచ్చు, మలద్వారం అంచున పడిన చీలిక కావచ్చు. జనం రెండింటినీ పైల్స్ అనే అంటారు. చిత్రంగా రెండింటికీ మొదటి మందు కూడా ఒకటే, మలం మెత్తబడడం.

మలం గట్టిపడటం, మెత్తబడటం నీళ్ల లెక్క. చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి రోజూ సుమారు లీటరున్నర ద్రవం వస్తుంది. అందులో పెద్దపేగు పీల్చుకోగా మలంతో బయటికి పోయేది నూరు, నూటయాభై మిల్లీలీటర్లే. మలం బరువులో దాదాపు ముప్పాతిక వంతు నీరే. లోపల ఎంత ఎక్కువసేపు నిలవుంటే అంత నీరు పీల్చుకుపోయి అంత గట్టిపడుతుంది. పీచు ఈ లెక్కను రెండు వైపులా మారుస్తుంది. కొంత పీచు నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఇంకోవైపు మలం పరిమాణం పెరిగి, పేగు గోడ సాగి, త్వరగా ముందుకు తోస్తుంది. గోధుమ తవుడులోని ఒక గ్రాము పీచు మలం బరువును ఐదు గ్రాముల దాకా పెంచుతుంది. ఇసబ్‌గోల్ అయితే నాలుగు గ్రాముల దాకా.

రోజుకు ఎంత పీచు కావాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన లెక్క ప్రకారం రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి 30 గ్రాములు. ఏ ఆహారంలో ఎంత ఉందో కూడా 2017లో అదే సంస్థ పట్టికలుగా ప్రచురించింది. ఆ పట్టికలతో ఒక రోజు భోజనాన్ని తూచి చూద్దాం.

విజయవాడలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాసే నలభై ఏళ్ల గుమస్తాను ఊహించుకుందాం. పొద్దున మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. ఇడ్లీల్లో 45 గ్రాముల బియ్యపు రవ్వ, 20 గ్రాముల మినప్పప్పు పడ్డాయనుకుంటే చట్నీతో కలిపి ఐదు గ్రాముల పీచు. మధ్యాహ్నం నూటయాభై గ్రాముల బియ్యంతో వండిన అన్నం, పాతిక గ్రాముల కందిపప్పుతో చేసిన పప్పు, కొంచెం బంగాళదుంప వేపుడు, పచ్చడి, పెరుగు. అన్నానికి నాలుగు, పప్పుకు రెండు పైచిలుకు, దుంపకు ఒకటి, పచ్చడితో కలిపి మొత్తం ఎనిమిది. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, అర గ్రాము. రాత్రి మళ్లీ అన్నం, కోడిగుడ్డు కూర, చారు. గుడ్డుకు సున్న, అన్నానికి మూడు పైన, చారులో పప్పు, కూరలో ఉల్లిపాయ, టమాటా కలిపితే ఐదున్నర. రోజంతటికీ 19 గ్రాములు. మనిషి కడుపునిండా తిన్నాడు, పదకొండు గ్రాములు తక్కువ పడింది.

తక్కువ పడింది ఎక్కడో వెతకనక్కర్లేదు. పాలిష్ పట్టిన బియ్యంలో నూరు గ్రాములకు పీచు మూడు గ్రాములు కూడా లేదు. అన్నంతోనే 30 గ్రాములు పూర్తి చేయాలంటే కిలో పైన బియ్యం వండుకోవాలి. అదే జొన్నల్లో నూటికి పది, రాగుల్లో పదకొండు, గోధుమపిండిలో పదకొండు పైన. పొట్టుతో ఉన్న పెసల్లో పదిహేడు. ఇడ్లీ బదులు అరవై గ్రాముల పెసలు నానబోసి రుబ్బి పెసరట్లు వేసుకుంటే ఆ ఒక్క పూటకే పది గ్రాములు వస్తాయి. పొట్టు తీసిన పెసరపప్పుతో వేసుకుంటే మాత్రం అందులో సగమే. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి, నూనె, వీటన్నిటిలోనూ పీచు సున్న. ‘కోడికూర తింటే వేడిచేసి మొలలు లేచాయి’ అనే మాట ఇక్కడ కొంత అర్థమవుతుంది. తప్పు కోడిది కాదు. కోడికూర చేసిన రోజు కంచంలో కాయగూరకు చోటుండదు.

మన గుమస్తా కంచంలో మూడు మార్పులు చేస్తే చాలు. బంగాళదుంప వేపుడు బదులు నూరు గ్రాముల గోరుచిక్కుడు కూర, మూడున్నర గ్రాములు పెరుగుతుంది. రాత్రి అన్నం బదులు ఎనభై గ్రాముల పిండితో రెండు జొన్నరొట్టెలు, దాదాపు ఐదు పెరుగుతుంది. బిస్కెట్ల బదులు నూరు గ్రాముల జామకాయ, ఎనిమిది పెరుగుతుంది. పంతొమ్మిది కాస్తా ముప్పై ఐదయింది. జామకాయ సంగతి వేరే చెప్పాలి. పండిన అరటిపండులో నూరు గ్రాములకు రెండు గ్రాముల పీచుంటే జామలో ఎనిమిదిన్నర ఉంది. మలబద్ధకం అనగానే మన ఇళ్లలో అరటిపండు చేతిలో పెడతారు గానీ, గ్రాముల లెక్కలో జామకు అది సాటిరాదు. జామ గింజలతో మొలలు లేస్తాయనే భయం కూడా కొందరికి ఉంది. గింజ నమలకపోతే అలాగే బయటికి పోతుంది, అది మెత్తల్లో ఇరుక్కునేది కాదు.

మూడు మార్పులూ ఒకేరోజు చేస్తే మూడో రోజుకల్లా పొట్ట ఉబ్బి, గ్యాస్ పట్టి, వద్దు బాబోయ్ అనిపిస్తుంది. పీచును పులియబెట్టే పేగు సూక్ష్మజీవులకు సర్దుకునే వ్యవధి కావాలి. వారానికి ఐదు గ్రాములకు మించకుండా పెంచుకుంటూ పోవడం మంచిది. మొదటి వారం గోరుచిక్కుడు, రెండో వారం జొన్నరొట్టె, మూడో వారం సగం జామకాయ, నాలుగో వారం కాయ మొత్తం. అప్పటికి నెల. స్పెయిన్ లెక్కలో ఫలితం కనిపించడం మొదలైన సమయం కూడా ఇంచుమించు అదే. ఇక్కడ మన గుమస్తా నెల చివరికి గానీ పూర్తి మోతాదుకు చేరడు కనుక, ఆపైన ఇంకో నెల ఓపిక పట్టాలి. అంత ఆగలేనివారికి, కంచం మార్చుకునే వీలు లేనివారికి ఇసబ్‌గోల్ ఉంది. అందులో నూటికి ఎనభై పాళ్లు పీచే. చిన్న చెంచాతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో రెండు మూడు చెంచాలకు పోవచ్చు. ఒక్కో మోతాదుకు కనీసం ఒక గ్లాసు నిండా, అంటే పావు లీటరు నీళ్లు కావాలి. కలిపిన వెంటనే తాగాలి. ఆలస్యం చేస్తే గ్లాసులోనే జిగురు కడుతుంది. నీళ్లు తక్కువ పోసి మింగితే గొంతులోనూ అదే జరుగుతుంది, ముఖ్యంగా ముసలివాళ్లలో. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. బీపీ, షుగర్ మాత్రల్లాంటివి రోజూ వేసుకునేవారు వాటికీ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టాలి.

నీళ్ల విషయంలో చాలామందికి సగమే తెలుసు. ‘ఎక్కువ నీళ్లు తాగు, మోషన్ సాఫీగా అవుతుంది’ అంటారు. పీచు లేకుండా నీళ్లే ఎక్కువ తాగితే ఆ నీరు ఎక్కువభాగం మూత్రంగా పోతుంది, మలంలోకి చేరదు. రెండూ కలిస్తేనే ఫలం. ఇటలీలో 1998లో దీర్ఘకాలం మలబద్ధకం ఉన్న 117 మందికి రెండు నెలలపాటు రోజుకు 25 గ్రాముల పీచున్న భోజనం పెట్టారు. ఒక గుంపు తమకు తోచినంత నీళ్లు తాగింది, అది సగటున లీటరు పైచిలుకు. రెండో గుంపు చేత రెండు లీటర్లు తాగించారు. పీచు వల్ల రెండు గుంపులూ మెరుగయ్యాయి గానీ, రెండు లీటర్లు తాగినవారికి విరేచనాలు ఇంకా ఎక్కువసార్లు అయ్యాయి, విరేచనం మందుల వాడకం ఇంకా తగ్గింది.

మన గుమస్తా తాగేది లీటరే. కొట్లో మరుగుదొడ్డి బాగుండదని పగలంతా నోరు కట్టుకుంటాడు. బట్టల కొట్లలో, బడుల్లో, బస్సు స్టీరింగ్ దగ్గర పనిచేసేవారిలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఇది ఎంత మామూలో అందరికీ తెలిసిందే. ఆ లీటరును రెండు చేయడానికి పొద్దున లేవగానే రెండు గ్లాసులు, ఇల్లు చేరాక రెండు గ్లాసుల పలచటి మజ్జిగ చాలు. మజ్జిగ, చారు, పాలు, టీ అన్నీ ద్రవం లెక్కలోకే వస్తాయి. మే నెలలో చెమట పట్టే పనిచేసేవారికి రెండు లీటర్లు ఏ మూలకూ చాలవు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఇంకా తాగాలని గుర్తు. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టరు నీళ్లు తగ్గించమన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇక మరుగుదొడ్డి. పీచు ఎంత తిన్నా ఇక్కడ లెక్క తప్పితే మొల రేగుతుంది. కమోడ్ సీటు మధ్య ఖాళీగా ఉంటుంది కదా. దాని మీద కూర్చున్నంతసేపూ కటి కింది కండరాలకు ఆనుడు ఉండదు. మెత్తలు రక్తంతో నిండి కిందికి వేలాడతాయి. ముక్కినా ముక్కకపోయినా కూర్చోవడమే ఒత్తిడి. అమెరికాలోని బోస్టన్‌లో కొలనోస్కోపీకి వచ్చిన 125 మందిని పరిశీలించి 2025లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో 66 శాతం మంది ఫోను పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్లేవారే. ఐదు నిమిషాలు దాటి కూర్చునేవారు ఫోను వాడేవారిలో 37 శాతం, వాడనివారిలో 7 శాతం. వయసు, బరువు, వ్యాయామం, పీచు లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా ఫోను వాడేవారిలో మొలలు ఉండే అవకాశం 46 శాతం ఎక్కువగా తేలింది. ఆ ఒక్క పరిశోధనతో ఫోనే మొలలకు కారణమని తీర్పు చెప్పలేం. మొలలున్నవారే ఎక్కువసేపు కూర్చుని విసుగు తీరడానికి ఫోను తీసి ఉండవచ్చు కూడా. కానీ ఫోను బయట పెట్టి వెళ్లడానికి ఖర్చేమీ లేదు కాబట్టి దానికోసం గట్టి రుజువు వచ్చేదాకా ఆగడం దండగ.

మన గుమస్తా పొద్దున పదిహేను నిమిషాలు లోపల ఉంటాడు. అందులో అసలు పని జరిగేది మొదటి రెండు మూడు నిమిషాల్లోనే. మిగతాదంతా వాట్సాప్, ‘ఇంకా ఏదో మిగిలింది’ అనే అనుమానం. ఆ మిగిలిందనిపించేది చాలాసార్లు మలం కాదు, ఉబ్బిన మెత్త. దాన్ని బయటికి పంపాలని ముక్కితే ఇంకా ఉబ్బుతుంది, ఇంకా మిగిలినట్టే అనిపిస్తుంది. అందుకే ఐదు నిమిషాల్లో కాకపోతే లేచి రావాలి. మళ్లీ విరేచనం తొందర వచ్చినప్పుడు వెళ్లవచ్చు. రోజూ కావాలన్న నియమమేమీ లేదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు అన్నీ మామూలే. రోజూ పొద్దున్నే కావాలన్న పట్టుదలతో ముక్కేవారే చేజేతులా మొలలు తెచ్చుకుంటారు.

ఆ తొందర రావడానికి ఒక వేళ ఉంది. పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. పొద్దున లేచాక, టిఫిన్ చేసిన అరగంటలోపు ఈ కదలిక బలంగా ఉంటుంది. బస్సు అందుకోవాలని, పిల్లల్ని బడికి పంపాలని దాన్ని ఆపుకుంటే కాసేపటికి తొందర తగ్గిపోతుంది. మలం లోపలే ఉండి నీరు వదిలి గట్టిపడుతుంది. రేపు ముక్కక తప్పదు. టిఫిన్ ఇరవై నిమిషాలు ముందుకు జరుపుకోవడం కొందరి విషయంలో మందుల కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

కూర్చునే తీరు గురించి చిన్నచిన్న పరీక్షలున్నాయి. 2003లో 28 మంది ఆరోగ్యవంతులతో ఒకటి జరిగింది. మామూలు ఎత్తు కమోడ్ మీద కడుపు ఖాళీ అయిందనిపించడానికి సగటున 130 సెకన్లు, పొట్టి కమోడ్ మీద 114, గొంతుక్కూర్చుంటే 51 సెకన్లు పట్టింది. ముక్కడమూ తక్కువే. గొంతుక్కూర్చున్నప్పుడు మలాశయానికీ మలద్వారానికీ మధ్య ఉండే వంపు తిన్నగా అవడమే దీనికి కారణం. కాబట్టి పాతకాలపు మరుగుదొడ్డి ఉన్నవారు దాన్ని పగలగొట్టి కమోడ్ పెట్టించుకునే ముందు ఒకసారి ఆలోచించాలి. మోకాళ్లు సహకరించనివారు కమోడ్ ముందు ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తున్న పీట వేసుకుని, పాదాలు దాని మీద పెట్టి, మోకాళ్లు నడుముకన్నా పైకి వచ్చేలా, మోచేతులు తొడల మీద ఆన్చి కొంచెం ముందుకు వంగి కూర్చోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. నోరు కొద్దిగా తెరిచి నెమ్మదిగా గాలి వదులుతూ, పొట్టను ముందుకు ఉబ్బిస్తే తగినంత ఒత్తిడి దానంతటదే వస్తుంది. గొంతుక్కూర్చున్నామన్న ధీమాతో పావుగంట అలాగే ఉండిపోతే మాత్రం లాభం పోయి నష్టం మిగులుతుంది. ఐదు నిమిషాల నియమం రెండింటికీ ఒకటే.

కారం మాట ఎత్తకుండా తెలుగువారికి మొలల గురించి రాయడం కుదరదు. ఇటలీ వైద్యులు మొలలున్న యాభై మందికి ఒకసారి ఎండుమిరప కారం నింపిన క్యాప్సూల్, మరోసారి ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి 2006లో ఫలితం ప్రచురించారు. రక్తం, నొప్పి, వాపు, మంట దేనిలోనూ తేడా రాలేదు. వాళ్లిచ్చిన కారం మన ఆవకాయ ముద్దలో ఉండేదానికన్నా చాలా తక్కువ కాబట్టి, దాన్ని చూసి ధైర్యంగా ఎర్రకారం కలుపుకోమని నేను చెప్పను. చీలిక ఉన్నవారికి కారం మండుతుంది, అందులో సందేహం లేదు. కానీ పీచు పెంచకుండా, ఫోను వదలకుండా, కారం ఒక్కటీ మానేసి చప్పిడి తిండి తినే త్యాగం వల్ల మొలలు తగ్గవు. బాలింతకూ మొలల రోగికీ చప్పిడి అన్నమే పెట్టే ఇళ్లలో జరిగేది ఇదే. కూరగాయ కూడా మానిపించి మలబద్ధకం పెంచుతారు.

అంతా సరిగా చేసినా ఫలితం రాకపోవడం ఉంది. అప్పుడు మలాన్ని చూసి కొంత చెప్పవచ్చు. ఇంకా మేకపెంటికల్లా గట్టిగా, విడివిడిగా ఉంటే పీచో నీళ్లో చాలలేదు, లేదా వేసుకునే మందు ఏదో అడ్డుపడుతోంది. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలు, కొన్ని బలమైన నొప్పి మాత్రలు, కాల్షియం మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మందు మానకుండా డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. మలం మెత్తగా, సాఫీగానే ఉండి ఇంకా ముక్కవలసి వస్తోందంటే పీచు ఇంకా పెంచడం వల్ల ప్రయోజనం లేదు. వదులు కావలసిన సమయంలో కటి కండరాలు బిగుసుకుపోవడం దీనికి కారణం కావచ్చు. దానికి వేరే పరీక్ష, వేరే శిక్షణ ఉన్నాయి. పీచు పెంచినకొద్దీ పొట్ట ఉబ్బి విరేచనం ఇంకా తగ్గిపోతే ఆపి డాక్టరును కలవాలి. మొల బయటికి జారి వేలితో లోపలికి నెట్టుకోవలసి వస్తున్నా, నెట్టినా పోకపోయినా, ఆ దశ పీచు పరిధి దాటింది. రబ్బరు బ్యాండ్ వేయడమో ఆపరేషనో సర్జన్ చెబుతాడు. అప్పుడైనా పీచు మానకూడదు, మానితే మళ్లీ వస్తాయి. అంచున హఠాత్తుగా నీలంగా గడ్డ లేచి, కూర్చోలేనంత నొప్పి ఉంటే గడ్డకట్టిన రక్తం. మొదటి మూడు రోజుల్లోపు వెళితే చిన్న కోతతో తీసి ఉపశమనం ఇవ్వవచ్చు. ఆ తరువాత నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది, కోతతో పెద్దగా ఉపయోగం ఉండదు. బోర్డు చూసి వెళ్లి, ఏం మందో తెలియని ఇంజెక్షన్ వేయించుకున్నవారికి మలద్వారం కుళ్లి, మానేటప్పుడు మూసుకుపోయి, జన్మంతా ముక్కే గతి పట్టిన సందర్భాలు సర్జన్లకు కొత్త కాదు.

ఒక్క విషయంలో మాత్రం నలభై రోజులు ఆగవద్దు. పెద్దపేగు క్యాన్సర్ కూడా రక్తంతోనే బయటపడవచ్చు. ‘పైల్సేలే’ అనుకుని నెలలు గడిపేసినవారు ప్రతి పెద్దాసుపత్రిలోనూ కనిపిస్తారు. రక్తం నల్లగా లేదా మలంలో కలిసి వస్తున్నా, బరువు తగ్గుతున్నా, హిమోగ్లోబిన్ పడిపోయినా, ఎప్పుడూ లేనిది విరేచనం తీరు కొన్ని వారాలుగా మారినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, నలభై ఐదు దాటాక మొదటిసారి రక్తం కనిపించినా ఇసబ్‌గోల్ డబ్బా పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వేలితో చేసే పరీక్షకు నిమిషం పడుతుంది. సిగ్గుపడి దాన్ని వాయిదా వేయకండి.